గచ్చు పైపొరలో నీళ్ల లెక్క

హైదరాబాద్ నుంచి మేడ్చల్ వైపు గానీ శంషాబాద్ వైపు గానీ వెళ్తే, రోడ్డుకు అటూ ఇటూ పెద్ద పెద్ద రేకుల గోదాములు కనిపిస్తాయి. కొత్తగా లోపలికి వెళ్లినవాళ్ల చూపు ముందు పైకప్పు మీదికి, ఇనుప దూలాల మీదికి పోతుంది. గోదాము నడిపేవాళ్లు మాత్రం కిందికి చూస్తారు. వాళ్లకు రోజూ పని పడేది గచ్చుతోనే. ఫోర్క్‌లిఫ్టు తిరిగేది దాని మీద, సరుకు పేర్చిన ర్యాకుల కాళ్లు నిలబడేది దాని మీద. అది పాడైతే పని ఆపి బాగుచేయించుకోవడం తప్ప మరో దారి ఉండదు.

కొత్త గచ్చు మీద వచ్చే ఫిర్యాదులు ముఖ్యంగా మూడు. ఎంత ఊడ్చినా సన్నటి బూడిదరంగు పొడి లేస్తూనే ఉంటుంది, పొద్దున తుడిచిన అట్టపెట్టెల మీద సాయంత్రానికి మళ్లీ పేరుకుంటుంది. జాయింట్ల దగ్గర స్లాబు అంచులు పైకి లేస్తాయి, ఫోర్క్‌లిఫ్టు వాటిని దాటిన ప్రతిసారీ దడేల్‌మంటుంది. మూడోది పగుళ్లు. ఇలాంటప్పుడు సిమెంటు మంచిది కాదనో, పైన చల్లిన హార్డెనర్ నకిలీదనో సైట్‌లో వాదన మొదలవుతుంది. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ఎక్కువ సందర్భాల్లో ఈ మూడు జబ్బుల మూలం నీళ్లలో ఉంటుంది. కాంక్రీటులో ఎన్ని నీళ్లు కలిపారు, అవి పైకి ఎప్పుడు తేలాయి, ఎటునుంచి ఎంత వేగంగా ఆరిపోయాయి అన్నది తెలిస్తే గచ్చు ఎందుకు చెడిందో చాలావరకు తెలిసినట్టే.

ముందు ఈ గచ్చు ఎలా తయారవుతుందో చూడాలి. ఇంట్లో గచ్చులా కాంక్రీటు మీద మళ్లీ సిమెంటు పూత వేయడం గానీ, టైల్స్ పరచడం గానీ ఇక్కడ ఉండదు. గట్టిగా రోలర్ తొక్కించిన నేల మీద కంకర పొర, దాని మీద పాలిథిన్ షీటు, ఆపైన 150 నుంచి 200 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు. ఆ కాంక్రీటు పచ్చిగా ఉండగానే పైముఖాన్ని యంత్రంతో రుద్ది నున్నగా, గట్టిగా చేస్తారు. ఆ యంత్రమే పవర్ ట్రోవెల్. కింద తిరిగే ఇనుప రెక్కలు ఉంటాయి కాబట్టి చాలా సైట్లలో పనివాళ్లు దాన్ని హెలికాప్టర్ అంటారు. వెనక నడుస్తూ నెట్టేవి ఉన్నాయి, పైన కూర్చుని నడిపేవీ ఉన్నాయి. రుద్దే పనిలో మధ్యమధ్య హార్డెనర్ పొడి చల్లుతారు. అది సిమెంటు, బాగా గట్టిగా ఉండే క్వార్ట్జ్ లేదా ఎమెరీ రవ్వ, కొన్ని రసాయనాలు కలిపిన పొడి. ఇనుప రవ్వ కలిపినవి కూడా ఉంటాయి. చదరపు మీటరుకు సాధారణంగా 3 నుంచి 5 కిలోలు చల్లుతారు. చదరపు మీటరుకు 5 కిలోలంటే, రుద్ది అణిచాక రెండు, మూడు మిల్లీమీటర్ల పొర.

ఈ పొర మందం కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. హార్డెనర్ గచ్చుకు చర్మం మాత్రమే. చక్రాల రాపిడిని అది బాగా తట్టుకుంటుంది. స్లాబు మోసే బరువును మాత్రం పెంచదు, పగుళ్లను ఆపదు, అంచులు లేవకుండా పట్టి ఉంచదు. హార్డెనర్ వేయించాం కదా, ఇంక కాంక్రీటులో కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు అనుకున్న చోట ఆ డబ్బంతా వృథా అవుతుంది.

ఒక పోత ఎలా సాగుతుందో లెక్కలతో చూద్దాం. ఏప్రిల్ నెల, హైదరాబాద్ శివారులో ఒక గోదాము. ఒక రోజులో 30 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు, అంటే 720 చదరపు మీటర్లు పోయాలనుకున్నారు. మందం 150 మిల్లీమీటర్లు. కాంక్రీటు 108 ఘనమీటర్లు అవుతుంది. 6 ఘనమీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు 18 రావాలి. హార్డెనర్ చదరపు మీటరుకు 5 కిలోల చొప్పున 3,600 కిలోలు, 25 కిలోల బస్తాలైతే 144.

మొదటి తప్పు జరిగేది మిక్సర్ దగ్గరే. కాంక్రీటు కొంచెం బిగుతుగా వచ్చిందనుకోండి, లాగడం కష్టం. ఎండలో ఉన్న పనివాళ్లు నీళ్లు పోయమంటారు, డ్రైవర్ పైపు తిప్పుతాడు. ఘనమీటరుకు 5 లీటర్ల నీళ్లు కలిపితే కాంక్రీటు జారుడు, అంటే స్లంప్, సుమారు 25 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పని సులువవుతుంది. కానీ ఘనమీటరుకు 10 లీటర్లు, అంటే బండికి 60 లీటర్లు పోస్తే, బలం చదరపు మిల్లీమీటరుకు మూడు న్యూటన్ల దాకా పడిపోవచ్చు. ఎం30 అని డబ్బు కట్టిన కాంక్రీటు ఎం27 అవుతుంది. బలం తగ్గడం ఇందులో చిన్న నష్టమే. ఎక్కువైన నీళ్లు ఎప్పటికైనా బయటికి పోవాలి. కొంత ఆ రోజే పైకి తేలుతుంది, మిగతాది నెలల తరబడి ఆరుతూ స్లాబును కుంచింపజేస్తుంది. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ వాడాలి. ఆ నిర్ణయం ప్లాంటులో జరగాలి, పైపు పట్టుకున్న డ్రైవర్ చేతిలో కాదు.

కాంక్రీటు పోసి, సమం చేశాక కొంతసేపు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఈ ఖాళీ సమయంలోనే గచ్చు తలరాత సగం ఖరారవుతుంది. కంకర, ఇసుక, సిమెంటు బరువుకు కిందికి దిగుతాయి, తేలికైన నీళ్లు పైకి వస్తాయి. ఉపరితలం మీద తడి మెరుపు కనిపిస్తుంది. కింద పాలిథిన్ ఉంటే నీళ్లకు కిందికి ఇంకే దారి ఉండదు కాబట్టి పైకి ఇంకా ఎక్కువ వస్తాయి. ఆ నీళ్లు ఆరిపోయి మెరుపు పోయేదాకా ఆగాలి. ఆగకుండా యంత్రం ఎక్కిస్తే తేలిన నీళ్లు మళ్లీ పైపొరలోకే కలిసిపోతాయి. స్లాబంతా ఎం30 అయినా ఆ పై రెండు మిల్లీమీటర్లు మాత్రం నీళ్లెక్కువైన పలుచటి సిమెంటు ముద్ద. అందులో నీళ్లున్న చోట రేపు ఖాళీ సందులు మిగులుతాయి. చక్రం తగిలితే ఆ పొర పొడి పొడిగా రాలుతుంది. గచ్చు దుమ్ము లేవడానికి అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఇది.

ఇంకో చెడ్డ అలవాటు ఉంది. నీళ్లు ఆరేదాకా ఆగే ఓపిక లేక, తడి మీద పొడి సిమెంటు చల్లి పీల్చేయడం. చూడటానికి పని త్వరగా జరిగినట్టే ఉంటుంది. నిజానికి పైన మరీ సన్నటి, కుంచించుకుపోయే సిమెంటు పొర ఏర్పడుతుంది. అది కింది కాంక్రీటుతో సరిగ్గా అతకదు. కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది, లేదా సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లతో నిండిపోతుంది. హార్డెనర్‌ను తడి మీద చల్లినా ఇదే గతి. అంత ఖరీదైన గట్టి రవ్వ బలహీనమైన ముద్దలో కూరుకుపోతుంది.

యంత్రం ఎప్పుడు ఎక్కించాలో చెప్పే పాత పరీక్ష ఒకటుంది. ఒక మనిషి బూటుతో దాని మీద నిలబడితే అడుగు ఎంత దిగిందో చూడటం. అడుగు సుమారు 6 మిల్లీమీటర్లకు మించి దిగకపోతే, పైన నీళ్ల మెరుపు లేకపోతే, రెక్కలకు బదులు గుండ్రటి పళ్లెం తగిలించిన యంత్రంతో మొదటిసారి రుద్దవచ్చు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల గచ్చుల మార్గదర్శకంలో కూడా ఈ అడుగు పరీక్షే ఉంది. అయితే 720 చదరపు మీటర్లూ ఒకేసారి ఆ స్థితికి రావు. తలుపు పక్కన గాలి తగిలే చోట ముందు బిగుస్తుంది, గోడ నీడలో ఆలస్యమవుతుంది. పొద్దున వచ్చిన మొదటి బండికీ మధ్యాహ్నం వచ్చిన చివరి బండికీ గంటల తేడా. అందుకే అనుభవం ఉన్న మేస్త్రీ గడియారం చూసి కాక, చోటు చోటునా అడుగు పెట్టి చూస్తాడు.

పళ్లెంతో ఒకసారి తెరిచాక హార్డెనర్‌లో మూడింట రెండు వంతులు, మన లెక్కలో 96 బస్తాలు, సమంగా చల్లాలి. చల్లగానే రుద్దకూడదు. పొడి కింది నుంచి తడి పీల్చుకుని రంగు ముదురుతుంది. అంతా ముదిరాక పళ్లెంతో రుద్దాలి. తర్వాత మిగిలిన 48 బస్తాలు, ఈసారి మొదటిదానికి అడ్డంగా చల్లాలి. మళ్లీ రంగు మారేదాకా ఆగి రుద్దాలి. ఆ తర్వాత పళ్లెం తీసి రెక్కలతో. మొదట రెక్కలు దాదాపు బల్లపరుపుగా ఉంటాయి, కాంక్రీటు బిగుస్తున్న కొద్దీ ఒక అంచు కొంచెం కొంచెం పైకెత్తుతారు. ఆఖరి తిరుగుళ్లకు రెక్క ఉపరితలాన్ని గట్టిగా నొక్కుతుంది, లోహం మీద లోహం తిరిగినట్టు చప్పుడు వస్తుంది, గచ్చు అద్దంలా మెరుస్తుంది.

ఈ పొడికి కావాల్సిన తడి కాంక్రీటు నుంచే రావాలన్నది ఇక్కడి కీలకం. ఆలస్యమై ఉపరితలం ఎండిపోతే పొడి తడవదు. అప్పుడు చీపురుతో నీళ్లు చిలకరించి రుద్దడం చాలా చోట్ల జరుగుతుంది. అది దుమ్ముకు మళ్లీ తలుపు తీయడమే. తొందరపడినా తప్పే, ఆలస్యమైనా తప్పే. ఈ రెండింటి మధ్య ఉన్న సమయం ఏప్రిల్ మధ్యాహ్నం చాలా చిన్నది.

గోడల పక్కన, స్తంభాల చుట్టూ యంత్రం వెళ్లలేదు. అక్కడ చేతి తాపీతోనే పని. యంత్రం వచ్చేలోపు ఆ అంచులను ముందే చల్లి, ముందే రుద్దాలి. అలా చేయకుండా చివర్లో చూద్దామని వదిలేస్తే అవి ఎండిపోతాయి. గచ్చు దుమ్ము లేస్తోందని ఫిర్యాదు వచ్చిన చోట మొదట గోడ పక్కనున్న అడుగు వెడల్పు పట్టీని గోటితోనో మేకుతోనో గీకి చూడటం మంచిది. మధ్యలో మేకు జారిపోయి, అంచున గీత పడి పొడి రాలితే, మందు మంచిదే, చేయి అందని చోటే పని చెడిందని అర్థం.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే జబ్బు బుడగలు, పెచ్చులు. పైన గాలికి, ఎండకు పొర కట్టేస్తుంది, కింద కాంక్రీటు ఇంకా పచ్చిగానే ఉంటుంది. బిగిసిందనుకుని రెక్కలతో నొక్కి మూసేస్తారు. కింది నుంచి వస్తున్న నీళ్లు, గాలి బయటికి పోలేక ఆ పొర కింద ఆగిపోతాయి. అక్కడ కొన్ని మిల్లీమీటర్ల మందాన పలక విడిపోతుంది. కంటికి ఏమీ కనిపించదు, గచ్చు నిగనిగలాడుతూనే ఉంటుంది. చిన్న సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. ఫోర్క్‌లిఫ్టు తిరగడం మొదలయ్యాక ఆ చోట పలక ఊడి వస్తుంది. కాంక్రీటులో గాలి శాతం 3 దాటితే ఈ ప్రమాదం బాగా పెరుగుతుంది. అందుకే యంత్రంతో గట్టిగా రుద్దే గచ్చుకు గాలి బుడగలు పుట్టించే రసాయనం కలిపిన కాంక్రీటు వాడకూడదు.

ఇక పగుళ్లు. వీటిలో మొదటిరకం పోసిన కొన్ని గంటల్లోనే, కాంక్రీటు పచ్చిగా ఉండగానే వస్తుంది. ఒకదానికొకటి సమాంతరంగా, పొట్టిగా, అంచుల దాకా వెళ్లకుండా ఆగిపోతాయి. పైనున్న నీళ్లు తేలే వేగం కన్నా ఆవిరయ్యే వేగం ఎక్కువైనప్పుడు ఇవి పుడతాయి. గంటకు చదరపు మీటరుకు 1 కిలో నీళ్లు ఆవిరైతే ప్రమాదమని ఇంజనీర్లు చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. ఫ్లైయాష్ ఎక్కువగా కలిపి, నీళ్లు తక్కువగా తేలే కాంక్రీటుకైతే ఆ హద్దు ఇంకా తక్కువ.

గాలి వేడి, తేమ, వేగం, కాంక్రీటు వేడి చెబితే ఈ ఆవిరిని లెక్కగట్టే సూత్రాన్ని 1998లో పాల్ యూనో ప్రచురించారు. మన ఏప్రిల్ పోతకు దాన్ని వేసి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. మధ్యాహ్నం గాలి వేడి 38 డిగ్రీలు, తేమ 30 శాతం, కాంక్రీటు వేడి 35 డిగ్రీలు, ఇంకా గోడ రేకులు బిగించలేదు కాబట్టి గంటకు 15 కిలోమీటర్ల గాలి. ఆవిరి గంటకు చదరపు మీటరుకు సుమారు 1.27 కిలోలు. మొత్తం 720 చదరపు మీటర్ల మీద గంటకు 900 లీటర్లకు పైగా నీళ్లు గాల్లో కలుస్తున్నాయన్న మాట. అదే మధ్యాహ్నం, అదే ఎండ, కానీ గోడ రేకులు బిగించి గాలిని 5 కిలోమీటర్లకు తగ్గిస్తే ఆవిరి 0.6 కిలోలకు పడిపోతుంది. రాత్రి పోస్తే, గాలి వేడి 28, తేమ 60 శాతం, కాంక్రీటు వేడి 30, గాలి 8 కిలోమీటర్లు అనుకుంటే, 0.44 కిలోలు మాత్రమే.

ఈ మూడు అంకెల్లో ఎక్కువమంది పట్టించుకోనిది మధ్యది. వేడిని ఎవరూ ఆపలేరు గానీ గాలిని ఆపవచ్చు. అందుకే పైకప్పు, గోడ రేకులు బిగించాక గచ్చు పోయడం మంచి పద్ధతి. స్తంభాలు లేపే పనికి చదునైన నేల కావాలనో, బిల్లు త్వరగా పెట్టుకోవచ్చనో కొన్ని సైట్లలో గచ్చును ముందే పోసేస్తారు. ఎండ, గాలి, అకాల వాన అన్నీ ఆ పచ్చి కాంక్రీటు మీదే పడతాయి. గాలి 40 డిగ్రీలు దాటిన వేళ కాంక్రీటు పనికి మన భారతీయ ప్రమాణాల్లో ప్రత్యేకంగా ఐఎస్ 7861 ఉన్నదే ఈ ఇబ్బంది కోసం.

పచ్చిదశలో పగలకుండా బయటపడ్డ స్లాబుకు తర్వాతి పరీక్ష ఆరడం. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుపోతుంది, అది దాని స్వభావం. ఆ కుంచింపు పొడవులో 0.05 శాతం అనుకుంటే 6 మీటర్ల పలకకు 3 మిల్లీమీటర్లు, మన 30 మీటర్ల పొడవుకు 15 మిల్లీమీటర్లు. కింది నేల రాపిడి, స్తంభాలు, గోడలు దాన్ని కదలనివ్వవు. లాగుడుకు కాంక్రీటు ఎక్కడో ఒకచోట తెగాలి. ఎక్కడ తెగాలో మనం ముందే చెప్పడానికే కటింగ్ జాయింట్లు. సుమారు 6 మీటర్ల కంటే దూరం లేకుండా, పలకలు వీలైనంత చదరంగా ఉండేలా, స్లాబు మందంలో కనీసం నాలుగోవంతు లోతున రంపంతో కోస్తారు. 150 మిల్లీమీటర్ల స్లాబుకు దాదాపు 40 మిల్లీమీటర్లు. పలుచబడిన ఆ గీత కిందే పగులు వస్తుంది, పైనుంచి చూస్తే తిన్నటి గీతలా ఉంటుంది.

కోయడానికి కూడా సమయం చాలా తక్కువ. తొందరగా కోస్తే అంచుల్లో కంకర ఊడి గీత చిరుగుతుంది. ఆలస్యం చేస్తే రంపం వచ్చేలోపే స్లాబు తనకు నచ్చిన చోట పగిలిపోతుంది. మామూలు రంపంతో ఆఖరి రుద్దుడు అయిన కొన్ని గంటల తర్వాత, వేసవిలో తప్పకుండా అదే రాత్రి, మొదలుపెట్టాలి. కోసేవాళ్లు రేపు పొద్దున వస్తారులే అనుకున్న సైట్లో, జాయింటు గీత పక్కనే దానికి దాదాపు సమాంతరంగా వంకర పగులు కనిపిస్తుంది. అది రంపం ఆలస్యమైందని చెప్పే సాక్ష్యం. స్తంభం మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు మరో కథ చెబుతుంది. స్తంభం చుట్టూ స్లాబును విడిగా వదలలేదని దానర్థం. స్తంభం చుట్టూ డైమండ్ ఆకారంలో ఖాళీ వదిలి, దాని మూలలు జాయింట్ గీతలను కలిసేలా పెడితే ఆ పగులు రాదు.

లోపల వేసే ఇనుప జాలీ పగుళ్లను ఆపుతుందని చాలామంది నమ్మకం. జాలీ పగులు రాకుండా ఆపలేదు, వచ్చిన పగులును వెడల్పు కాకుండా పట్టి ఉంచుతుంది. అది కూడా పైనుంచి సుమారు 50 మిల్లీమీటర్ల లోతులో ఉంటేనే. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు దాని మీదే నడుస్తారు. కింద సరైన కుర్చీలు పెట్టకపోతే జాలీ పాలిథిన్‌కు అతుక్కుపోయి, స్లాబు అడుగున ఏ పనీ చేయకుండా పడి ఉంటుంది.

అన్ని పగుళ్లకూ భయపడనక్కర్లేదు. గచ్చు తడిపినప్పుడు మాత్రమే కనిపించే, చిన్న చిన్న గళ్లలా అల్లుకున్న వెంట్రుక పగుళ్లు యంత్రంతో రుద్దిన గచ్చుల మీద తరచుగా వస్తాయి. ఇవి పైపొర త్వరగా ఎండినందుకు వచ్చినవి, చాలా పలుచన, గోదాము పనికి అడ్డం కావు. నల్లరేగడి నేల ఉబ్బి, కుంగి వచ్చే వెడల్పాటి పగుళ్లు పూర్తిగా వేరే జబ్బు. వాటికి హార్డెనర్‌తో, రంపంతో సంబంధం లేదు, మందు నేలలోనే వెతకాలి.

అంచులు లేవడం అన్నిటికంటే నెమ్మదిగా బయటపడుతుంది. స్లాబు అడుగు పాలిథిన్ మీద తడిగానే ఉంటుంది, పైముఖం గాలికి ఆరుతుంది. పైన కుంచింపు ఎక్కువ, కింద తక్కువ. ఎండలో పెట్టిన అప్పడంలా అంచులు, మూలలు పైకి వంగుతాయి. పైకీ కిందికీ ఉన్న కుంచింపు తేడా 0.02 శాతమే అనుకుందాం. 150 మిల్లీమీటర్ల స్లాబు ఆ తేడాకు సుమారు 750 మీటర్ల వ్యాసార్థంతో వంగుతుంది. 6 మీటర్ల పలకలో మధ్య నుంచి అంచుకు 3 మీటర్లు. బరువును పట్టించుకోకుండా లెక్కగడితే అంచు 6 మిల్లీమీటర్లు లేస్తుంది. స్లాబు సొంత బరువు దాన్ని కొంత కిందికి లాగుతుంది. అయినా కొన్ని మిల్లీమీటర్లు మిగిలితే చాలు. ఫోర్క్‌లిఫ్టు చక్రాలు చిన్నవి, గట్టివి. అంచును ఎక్కి దిగిన ప్రతిసారీ దెబ్బ కొడతాయి, అంచు ముక్కలై రాలుతుంది. కింద ఖాళీ కాబట్టి బరువు పడినప్పుడు స్లాబు ఊగుతుంది. చివరికి జాయింటుకు కొంత దూరంలో, దానికి సమాంతరంగా పగులు పడుతుంది.

జాయింటు దగ్గర సుత్తితో తడితే డొల్ల శబ్దం, పలక మధ్యలో తడితే గట్టి శబ్దం వస్తే అంచు లేచిందని తెలుస్తుంది. తిన్నటి పొడవాటి కడ్డీ అడ్డంగా పెట్టి చూసినా తెలుస్తుంది. ఇది జాయింట్ల దగ్గరే డొల్లగా ఉంటుంది. మధ్యలో అక్కడక్కడా డొల్లగా ఉంటే ముందు చెప్పిన పెచ్చు జబ్బు కావచ్చు. ఈ రెండింటికీ మరమ్మతు వేరు కాబట్టి శబ్దం ఎక్కడ వచ్చిందో సున్నంతో గీసి పెట్టుకోవాలి.

పాలిథిన్ వేయకపోతే అంచులు లేవవు కదా అని అడిగేవాళ్లుంటారు. కొంత నిజమే. కానీ పాలిథిన్ స్లాబును నేల మీద జారనిస్తుంది, పగుళ్లు తగ్గిస్తుంది, నేలలోని తేమ సరుకుకు చేరకుండా ఆపుతుంది. ఒక లాభం కోసం ఒక నష్టం భరించాల్సిందే. అందుకే అసలు మందు మళ్లీ మొదటి చోటికే వెళ్తుంది. ఘనమీటరుకు తక్కువ నీళ్లు, వీలైనంత పెద్ద కంకర, ఒక పోతకూ మరో పోతకూ మధ్య జాయింట్లలో డోవెల్ కడ్డీలు. డోవెల్ కడ్డీలు రెండు అంచులనూ ఒకే మట్టంలో పట్టి ఉంచుతాయి. కోసిన జాయింట్ల కింద మాత్రం పగులు గరుకుగా ఉండి, రెండు ముఖాలూ ఒకదానిలో ఒకటి కరుచుకుని బరువు పంచుకుంటాయి. కుంచింపు ఎక్కువై ఆ సందు వెడల్పైతే ఆ పట్టు పోతుంది.

నీళ్లు పోయకుండా ఆపిన అదే స్లాబుకు, రుద్దుడు పూర్తయ్యాక తడి పట్టి ఉంచాలి. పైపొరలో సిమెంటు గట్టిపడటానికి తడి కావాలి, అది లేకపోతే ఎంత బాగా రుద్దినా దుమ్ము లేస్తుంది. మన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్, స్లాగ్ కలిసిన సిమెంట్లకు, వేడి పొడి వాతావరణానికి కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలి. ఇప్పుడు మార్కెట్లో దొరికే సిమెంట్లలో చాలావరకు కలిపిన సిమెంట్లే. గోదాముల్లో సాధారణంగా ఆఖరి రెక్క ఆగగానే క్యూరింగ్ కాంపౌండు పిచికారీ చేస్తారు, లేదా తడి గోనె పట్టాలు పరుస్తారు. మూడో రోజే గోనెలు ఎత్తేసి ర్యాకులు బిగించడం మొదలుపెట్టిన గచ్చు, మిగతా అన్నీ సరిగ్గా చేసినా, పైపొరలో పూర్తి బలం సంపాదించుకోదు.

దుమ్ము లేచే గచ్చును బాగుచేయడానికి లిథియం సిలికేట్, సోడియం సిలికేట్ ద్రవాలు అమ్ముతారు. అవి కాంక్రీటులోని సున్నంతో కలిసి సందులను పూడ్చి పైముఖాన్ని గట్టిపరుస్తాయి. పొర కొంచెం బలహీనంగా ఉంటే బాగా పనిచేస్తాయి. గోటితో గీకితే రాలేంత మెత్తగా ఉంటే మాత్రం ఆ పొరను యంత్రంతో అరగదీసి, కింద గట్టి కాంక్రీటు దొరికాకే ద్రవం పూయాలి. బకెట్లు బకెట్లు పూసినా దుమ్ము ఆగలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. అంచులు లేచిన చోట జాయింటు పక్కన రంధ్రాలు వేసి, స్లాబు కింద ఖాళీని పలుచటి సిమెంటు గ్రౌటుతో నింపి, తర్వాత ఎత్తుగా ఉన్న అంచును అరగదీస్తారు. ముందు అరగదీసి తర్వాత నింపితే మట్టం మళ్లీ మారుతుంది. జాయింట్లలో ఎపాక్సీ లాంటి గట్టి పూరకం నింపే పనిని కూడా వీలైనంత ఆలస్యంగా పెట్టుకోవాలి. స్లాబు కుంచించుకోవడం ఇంకా సాగుతుండగానే నింపితే, కొన్ని నెలలకే పూరకం ఒక అంచు నుంచి విడిపోయి సందు మళ్లీ తెరుచుకుంటుంది. కనీసం రెండు మూడు నెలలు ఆగగలిగితే మేలు.

గచ్చు వేయించే యజమాని కాంట్రాక్టులో హార్డెనర్ కంపెనీ పేరు, కిలోలు రాయించుకుంటాడు. దానితోపాటు ఒక రిజిస్టరు కూడా అడగాలి. ప్రతి బండి ఏ సమయానికి వచ్చింది, సైట్‌లో నీళ్లు కలిపారా, స్లంప్ ఎంత, అడుగు పరీక్ష ఎక్కడ ఎప్పుడు చేశారు, హార్డెనర్ మొదటి చల్లుడు, రెండో చల్లుడు ఏ గంటకు, ఖాళీ బస్తాలు ఎన్ని, రంపం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, క్యూరింగ్ ఏ తేదీన తీశారు. నోటుపుస్తకంలో పోతకు ఒక పేజీ చాలు. ఏడాది తర్వాత ఏ మూలో దుమ్ము లేస్తే, ఆ మూలన ఏ బండి కాంక్రీటు పడిందో, ఎన్ని గంటలకు దాన్ని రుద్దారో ఆ పేజీలో దొరుకుతుంది.